అంత దూరం ఎందుకండీ

రాజ్యం మొహం గుర్తులేనివాళ్ళు అమలాపురంలో ఉంటే ఉండవచ్చు గాని, ఆవిడ గొంతు గుర్తులేనివాళ్ళు మాత్రం తక్కువ. తొంభై రెండులో భర్త పోయాక బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు పెట్టుకుంది. పన్నెండేళ్ళపాటు ఆ అద్దాల గది బయట చెక్కబల్ల వెనక కూర్చుంది. కువైట్ నుంచి, మస్కట్ నుంచి ఫలానా రోజు ఫలానా టైముకి ఫోన్ చేస్తామని ఉత్తరం రాసినవాళ్ళ పెళ్ళాలూ తల్లులూ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొద్దున్నే వచ్చి ఆ బూతు ముందు బెంచీ మీద కూర్చునేవాళ్ళు. చెప్పిన టైముకి ఫోన్ రాదు. మధ్యాహ్నమైనా రాదు. లైను దొరకనిది అక్కడ ఎడారిలోనైనా, వీళ్ళ కోపమంతా ఇక్కడ రాజ్యం మీదే.

"వచ్చేస్తుందమ్మా, కంగారు పడకండి, మంచినీళ్ళు తాగండి" అనేది రాజ్యం. ఆ అనడంలో ఏముందోగాని, అరిచే మనిషి అరుపు మధ్యలో ఆపి మంచినీళ్ళు పుచ్చుకునేది. ఫోన్ వచ్చేదా అంటే, సగం సార్లు రాదు. సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్ళేటప్పుడు ఆ తల్లులు రాజ్యానికి నమస్కారం పెట్టి మరీ వెళ్ళేవాళ్ళు. ఫోన్ రాకపోయినా మనుషులు చల్లబడి వెళ్ళారంటే తనలో ఏదో గొప్పతనం ఉందనే ఆవిడ నమ్మింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అదే అన్నారు, నమ్మక ఏం చేస్తుంది?

తరవాత చేతిచేతికీ సెల్‌ఫోన్లు వచ్చాయి. బూతు ఖాళీ పడింది. రెండువేల నాలుగులో రాజ్యం అద్దాలు విప్పించి అమ్మేసింది. రెండేళ్ళు ఖాళీగా కూర్చుని, ఇంటికి వచ్చే పాలమనిషితో కూడా ఎస్టీడీ గొంతుతో మాట్లాడుతూ కాలం వెళ్ళదీసింది. అప్పుడు శివప్రసాద్ అనే ఆయన హైదరాబాదు నుంచి వచ్చి, ఊరి చివర కొబ్బరికాయల కొట్టు మేడమీద ముప్పై కుర్చీలతో కాల్ సెంటరు తెరిచాడు. ఒక సెల్‌ఫోన్ కంపెనీకి రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చే కస్టమర్ల ఫోన్లలో కొన్ని అక్కడికి మళ్ళుతాయి. చుట్టుపక్కల ఊళ్ళలో డిగ్రీ చదివిన పిల్లలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని జవాబు చెప్పాలి. కింద ఎండిన కురిడీ కొబ్బరి వాసన, పైన ఏసీ చల్లదనం, కరెంటు పోతే జనరేటరు మోత.

"కంప్యూటరు పని మా కుర్రాళ్ళు నేర్పుతారండి. మాట నేర్పడానికి మాత్రం మీరే రావాలి. కోపంగా ఉన్నవాణ్ణి చల్లబరచడం మీకంటే ఎవరికి తెలుసండి?" అన్నాడు శివప్రసాద్.

రాజ్యం పొంగిపోయింది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఎవరైనా ఆవిణ్ణి నువ్వు కావాలి అనడం అదే మొదటిసారి.

హైదరాబాదు వాళ్ళు ఇంగ్లీషులో ఏవో కాయితాలు పంపించారు. కోపిష్టి కస్టమరుతో ఎలా మాట్లాడాలో అందులో వరసగా ఉంది. మొదట పూర్తిగా వినాలి. విన్నది తిరిగి చెప్పాలి. ఇబ్బందికి క్షమాపణ అడగాలి. ఏం చెయ్యగలమో చెప్పాలి. చేతిలో లేనిదానికి మాట ఇవ్వకూడదు. కస్టమరు తాను చేసుకోవలసింది ఏమన్నా ఉంటే అది స్పష్టంగా చెప్పాలి. రాజ్యం అవన్నీ పక్కింటి మాస్టారి చేత చదివించుకుని, రెండువందల పేజీల నోటుబుక్కు కొనుక్కుని తెలుగులో తన సంభాషణలు తాను రాసుకుంది. ఇంగ్లీషులోంచి అనువదిస్తే అది కోనసీమ మాట కాదు, కోర్టు మాట అవుతుందని ఆవిడ భయం.

క్లాసులో ఇద్దరేసి పిల్లల్ని ఎదురెదురుగా కాకుండా వీపులు ఆనించి కూర్చోబెట్టేది. మొహం కనబడకూడదు, గొంతుతోనే అంతా జరగాలి. ఒకరు కస్టమరు, ఒకరు మనం. నోటుబుక్కు మొదటి పాఠం ఇలా ఉండేది:

కస్టమరు (అరుస్తూ): మీ కంపెనీకి సిగ్గుందా? వారం నుంచి ఫోను మోగట్లేదు!

మనం (వెంటనే అందుకోకూడదు. మనసులో రెండు అంకెలు లెక్కపెట్టాలి): వారం నుంచి ఫోను లేకపోతే చాలా ఇబ్బందేనండీ. క్షమించాలి. మీ పేరు తెలుసుకోవచ్చాండీ?

కస్టమరు: పేరెందుకు? ముందు పని చూడండి!

మనం (గొంతు ఆయనకంటే ఒక మెట్టు కింద. నవ్వకూడదు. మామూలప్పుడు చిరునవ్వు ఫోన్లో మంచిదే, కోపంలో ఉన్నవాడికి మాత్రం వెక్కిరింతలా వినబడుతుంది): పని కోసమేనండీ. మీ వివరాలు తీసి చూడాలంటే పేరూ నంబరూ కావాలి. ఒక్క నిమిషం లైన్లో ఉంటారా?

పక్కన అంచులో ఎర్ర ఇంకుతో జాగ్రత్తలు. శాంతించండి అనకూడదు, అంటే ఇంకా మండుతుంది. అరవకండి అనకూడదు. చెప్పాను కదా అన్న మాట నోట్లోంచి రాకూడదు. అది మా డిపార్టుమెంటు కాదు అనకూడదు. హోల్డులో పెట్టేముందు ఎంతసేపో చెప్పాలి, ఆలస్యమైతే మధ్యలో వచ్చి ఇంకా చూస్తున్నానండీ అని చెప్పాలి. ఉత్త నిశ్శబ్దం వింటే మనిషికి తనని వదిలేసి పోయారనిపిస్తుంది. ఆఖరి జాగ్రత్త మన పిల్లల కోసం ప్రత్యేకం: ప్రతి మాటకీ అవునన్నట్టు ఆయ్, ఆయ్ అనకూడదు, కర్నూలువాళ్ళకి అర్థం కాదు.

ఇవన్నీ మంచివే. ఇవాళ ఎవరికి నేర్పినా తప్పులేదు. తప్పంతా ఆఖరి మాటలో ఉంది. చేతిలో లేనిదానికి మాట ఇవ్వకూడదన్న ఇంగ్లీషు సూత్రం రాజ్యానికి నచ్చలేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని మంచినీళ్ళు ఇవ్వకుండా పంపేసినట్టు అనిపించింది. మా వైపు మర్యాద ఎలాంటిదంటే, లేదు అన్న మాట మొహం మీద అనలేం. పని కాదని తెలిసినా అయిపోద్దండీ అంటాం. పెద్దవాళ్ళు ఎండనపడి వస్తామంటే, అంత దూరం ఎందుకండీ, మేం చూసుకుంటాం కదా అంటాం. అనకపోతే మా నోటికి తోచదు. అందుకని రాజ్యం ఆ సూత్రం వదిలేసి, ప్రతి సంభాషణ చివరా తన బూతు నాటి మాట రాసింది: "మీరేం కంగారు పడకండి. కంప్లయింటు రాసుకున్నాను. మూడు రోజుల్లో అయిపోతుందండీ. మీరు శ్రమపడక్కర్లేదు, మేం చూసుకుంటాం." పక్కన ఎర్ర ఇంకుతో, ఈ మాట సొంత అత్తగారితో అన్నట్టు అనాలి, అని కూడా రాసింది.

మొదటి బ్యాచిలో శారోన్ అనే పిల్ల ఉండేది. మామిడికుదురు దగ్గర స్కూలు మాస్టారి కూతురు. చర్చిలో పాడి పాడి సాగిన గొంతు. ఆ పిల్ల ఒక్కతే లేచి అడిగింది.

"మూడు రోజుల్లో పని కాకపోతేనండి టీచరుగారూ? అప్పుడు మనం ఏం చెప్పాలండి?"

"అప్పుడు ఇంకోసారి ఫోన్ చేస్తారమ్మా. ఇంకొకళ్ళు ఎత్తుతారు" అంది రాజ్యం. క్లాసంతా నవ్వింది. శారోన్ కూడా నవ్వి కూర్చుంది.

రెండువేల ఏడు ఏప్రిల్‌లో ఆ పరీక్ష రానే వచ్చింది. సెల్‌ఫోను ఉన్న ప్రతివాళ్ళ అడ్రసు కాయితాలూ ఉండి తీరాలని పైనుంచి గట్టి ఉత్తర్వులు వచ్చాయి. కాయితాలు లేని నంబర్లన్నీ కంపెనీలు ఆపేయడం మొదలుపెట్టాయి. పాపం, చాలామంది కొన్న రోజే రేషన్‌కార్డు నకలూ ఫొటోలూ షాపువాడికి ఇచ్చారు. అవి షాపువాడి బల్ల సొరుగులోనే ఉండిపోయాయి. సెంటరులో ముప్పై ఫోన్లూ ఒక్కసారే మోగుతున్నాయి. అందరూ అరిచేవాళ్ళే.

ఆ మంగళవారం మధ్యాహ్నం శారోన్ ఎత్తిన ఫోను ఒక ముసలావిడది. పక్కింటివాళ్ళ ఫోనులోంచి చేస్తోంది.

"ఏంటమ్మా మీరు సేసింది? నా ఫోను సంపేసేరు! నా కొడుకు కువైట్లో ఉన్నాడు. ఆడికి ఈ నంబరొక్కటే నోటికొచ్చు. ఆడు ఫోన్ సేత్తే ఎవరు పలుకుతారు? మీరు పలుకుతారా?"

శారోన్ రెండు అంకెలు లెక్కపెట్టింది. "కొడుకు ఫోను కోసం చూసే తల్లికి ఫోను పోతే ఎంత బాధో నాకు అర్థమైందండీ. క్షమించండమ్మా. మీ పేరు చెబుతారా?"

"వీరాయమ్మ. పేరెట్టి ఏం సేసుకుంటావు? కాయితాలు ఇచ్చేను. రెండుసార్లు ఇచ్చేను."

"కాయితాలు రెండుసార్లు ఇచ్చినా ఫోను ఆపేశారు, మీ అబ్బాయి గారికి ఈ నంబరొక్కటే తెలుసు. నేను సరిగ్గానే విన్నానా అండీ?"

"ఆయ్... అదేనమ్మా." అరుపులో సగం అక్కడే పోయింది. "నేను రేపు పొద్దున్నే బస్సెక్కి అమలాపురం ఆపీసుకే వత్తాను. కాయితాలు మళ్ళీ అట్టుకొత్తాను. ఆళ్ళ మొకానే కొడతాను."

ఆ కాయితాలు పట్టుకుని ఆవిడ గడువు తీరే శనివారం లోపల అమలాపురం ఆఫీసుకి వచ్చి ఉంటే, కౌంటరులో వాళ్ళు అక్కడికక్కడే చూసి నంబరు నిలబెట్టేవాళ్ళు. ఆ వారమంతా అలా వచ్చినవాళ్ళ నంబర్లు నిలబడ్డాయి కూడా. శారోన్ ముందున్న తెర మీద ఆ సంగతి ఇంగ్లీషులో రెండో పేరాలో ఉంది. కాని శారోన్ నోటికి వచ్చింది నోటుబుక్కులో ఆఖరి మాట.

"అయ్యో, అంత దూరం ఎందుకండీ? ఈ ఎండలో మీరెక్కడ తిరుగుతారు? నేను కంప్లయింటు రాసేశానమ్మా. మూడు రోజుల్లో అయిపోతుంది. మీరు శ్రమపడకండి, మేం చూసుకుంటాం."

లైన్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నీ కడుపు సల్లగుండాలమ్మా. తిట్టేను, ఏవనుకోకు" అంది వీరాయమ్మ.

ఆ కాల్ నాలుగు నిమిషాల పది సెకన్లు. నాణ్యత చూసేవాళ్ళు దానికి నూటికి నూరు వేశారు. హైదరాబాదులో పెద్దవాళ్ళు విన్నారట. కోపంతో మొదలై ఆశీర్వాదంతో ముగిసిన కాల్ అని మెచ్చుకున్నారట. ఆరునెలల్లో శారోన్‌ని ప్రమోషను మీద హైదరాబాదు తీసుకుపోయారు. రాజ్యానికి శాలువా కప్పారు. ఆ రికార్డింగు ప్రతి కొత్త బ్యాచికీ మూడో రోజున వినిపించడం సెంటరులో ఆనవాయితీ అయింది. ప్రతిసారీ చివర ఆ ఆశీర్వాదం దగ్గర రాజ్యానికి కళ్ళు చెమర్చేవి. అది తనకి కూడా చెందుతుందనుకునేది.

నాలుగో బ్యాచి రెండువేల ఎనిమిది జనవరిలో చేరింది. మూడో రోజున రాజ్యం మామూలుగానే టేపు పెట్టింది. అరుపు వినగానే పిల్లలు ముసిముసిగా నవ్వారు. వెనక వరసలో సత్యదుర్గ అనే పిల్ల మాత్రం నవ్వలేదు. కాట్రేనికోన అవతల సముద్రం ఒడ్డు ఊరు ఆ పిల్లది.

"టీచరుగారండీ, ఇది మా వీరాయమ్మత్త గొంతండి" అంది.

"అవునా! ఎలా ఉన్నారమ్మా ఆవిడ?" అంది రాజ్యం, చుట్టం కబురు అడిగినట్టు సంతోషంగా.

"ఏం ఉంటాదండి. ఆ నంబరు పోయిందండి. చిన్నా బావ దగ్గర్నించి కబురే లేదండి. ఎక్కడున్నాడో తెలీదండి. అత్త ఆ చచ్చిపోయిన ఫోను రోజూ ఛార్జింగు పెడతాదండి."

రాజ్యం టేపు ఆపడం మరిచిపోయింది. టేపులో ముసలావిడ నీ కడుపు సల్లగుండాలమ్మా అంటూనే ఉంది.

ఆ సాయంత్రం శివప్రసాద్ చేత పాత కంప్లయింటు తీయించింది. తెర మీద రెండే లైన్లు ఉన్నాయి. హైదరాబాదులో వెనక ఆఫీసువాళ్ళు వివరాలు సరిచూసుకోవడానికి కస్టమరుకి మూడుసార్లు ఫోన్ చేశారు. ఏ నంబరుకి? ఆపేసిన ఆ నంబరుకే. కస్టమరు పలకలేదు గనక కంప్లయింటు మూసేశారు. చదివాక రాజ్యానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెంటిలో ఏదీ చెయ్యలేదు.

"ఇందులో మన తప్పేం లేదండి. మన కాల్ మనం బానే చేసేం. నూటికి నూరు వచ్చింది కదండి" అన్నాడు శివప్రసాద్.

"ఆవిడ బస్సెక్కి వస్తానందండి. మనమే వద్దన్నాం" అంది రాజ్యం.

ఆయన జనరేటరు డీజిలు సంగతి చూడాలంటూ లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం రాజ్యం కాట్రేనికోన బస్సెక్కింది. అక్కణ్ణుంచి ఆటోలో రొయ్యల చెరువుల గట్టు మీదుగా సత్యదుర్గ వాళ్ళ ఊరు. బస్సులో కూర్చున్నంతసేపూ ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉంది. ముసలావిడ అరుస్తుంది. అరవనివ్వాలి. మధ్యలో అందుకోకూడదు. తిడితే తిట్టనివ్వాలి. ఒక రకంగా రాజ్యం ఆ తిట్ల కోసమే వెళుతోంది. అవి పడితే కొంత బరువు దిగుతుందని ఆశ.

వీరాయమ్మ తాటాకు పందిరి కింద వల బాగుచేస్తోంది. ఎండకి మాడిన సన్నటి మనిషి. రాజ్యం తానెవరో, ఎందుకు వచ్చిందో చెప్పింది. ఆ రోజు మాట్లాడిన అమ్మాయికి ఆ మాటలు నేర్పింది తానేనని కూడా చెప్పింది. చెప్పి, తల వంచుకుని నిలబడింది.

"అయ్యో, నిలబడ్డారేంటండీ, కూకోండి" అని వీరాయమ్మ పీట వేసింది. "ఆ పిల్ల బాగుందాండి? ఎంత మర్యాదగా మాటాడిందనుకున్నారు! కాయితాలు సంచీలో ఎట్టేసుకున్నానండి ఆ రోజు. ఆ పిల్ల అంత ఇదిగా సెప్పేక, ఇంకా ఎల్తే ఆ పిల్ల మాట నమ్మనట్టుంటాదని మానేసేను."

రాజ్యానికి పీట మీద కూర్చోవడం కష్టమైంది. అరిచే మనిషిని ఎలా చల్లబరచాలో నోటుబుక్కునిండా ఉంది. అరవని మనిషితో ఏం మాట్లాడాలో ఒక్క వాక్యం లేదు.

చిన్నా ఒక్కడే కొడుకట. కువైట్లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా చేరి, కొట్టే మనిషి దగ్గర ఉండలేక పారిపోయాడట. పాసుపోర్టు ఆ అరబ్బు దగ్గరే ఉండిపోయింది. ఎక్కడ దొరికితే అక్కడ పనిచేస్తూ, ఎవరి ఫోను దొరికితే దాంట్లోంచి నెలకొకసారి తల్లికి ఫోన్ చేసేవాడు. అక్కడ మన ఊరివాళ్ళెవరూ దగ్గర్లో లేరు. మనిషిని వెతుక్కునే దారి అంతా ఆ పది అంకెల్లోనే ఉంది.

"మీ పాత నంబరుకి మీరు ఎప్పుడన్నా చేసి చూసేరా అండీ?" అంది రాజ్యం.

"దసరాలకి సేసేనండి ఓసారి. ఎవరో మగమనిసి ఎత్తేడు. తిట్టి ఎట్టేసేడు."

అంటే ఆ నంబరు వేరే ఎవరికో ఇచ్చేశారు. కొన్ని నెలలు ఖాళీగా ఉంచి మళ్ళీ అమ్మడం కంపెనీలకి మామూలే, రాజ్యానికి తెలుసు. తన ఫోను తీసింది. నంబరు చెప్పమంది. వీరాయమ్మ చదువుకోలేదు గాని, ఆ పది అంకెలూ దేవుడి పేర్లలా చెప్పింది. రాజ్యం ఆవిడ ఎదురుగానే కూర్చుని ఆ నంబరు నొక్కింది.

"ఎవరు?" అంది అవతల గొంతు. ప్రకాశం జిల్లా వైపు యాస.

"నమస్కారమండీ. అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ నంబరు ఇదివరకు మా వాళ్ళది..."

"మళ్ళీ మొదలుపెట్టారా? ఏం మనుషులమ్మా మీరు? డబ్బులు పోసి కొనుక్కున్నాను ఈ నంబరు. పొద్దున లేదు, మాపు లేదు. కొట్టు దగ్గర బేరం మధ్యలో అమ్మా అమ్మా అని ఒకడు. పీక్కు తిన్నారు నన్ను!"

రాజ్యం రెండు అంకెలు లెక్కపెట్టింది. గొంతు ఒక మెట్టు దించింది. "పని మధ్యలో మాటిమాటికీ రాంగ్‌నంబరు వస్తే ఎవరికైనా విసుగేనండీ. మీ తప్పేం లేదు. మా వల్ల మీకు శ్రమ కలిగింది, క్షమించాలి. మీ పేరు తెలుసుకోవచ్చాండీ?"

వీరాయమ్మ వల వదిలేసి రాజ్యం మొహంలోకే చూస్తోంది. అవతలి మాట ఆవిడకి వినబడదు. ఈ గొంతు మాత్రం విన్న గొంతే. శారోన్ గొంతు ఇదే దారిలో నడిచింది.

అవతల మనిషి చల్లబడ్డాడు. పంపుసెట్ల సామాన్ల కొట్టు తనదన్నాడు. రాజ్యం విన్నది తిరిగి చెప్పింది. కువైట్ నుంచి ఎవరో అబ్బాయి చేసేవాడన్నమాట, అమ్మ కోసం అడిగేవాడన్నమాట, సరిగ్గానే విన్నానా అండీ అంది. ఆయన అవునన్నాడు. ఎప్పటిదాకా చేశాడండీ అని అడిగింది. కార్తీకమాసం దాకా అన్నాడు. తరవాత ఆగాడు. రాజ్యం కూడా ఆగింది. ఎదుటి మనిషి చెప్పలేక ఆగినప్పుడు మనం తొందరపెట్టకూడదని ఆవిడే రాసింది.

"తప్పైపోయిందమ్మా" అన్నాడాయన. గొంతు పూర్తిగా దిగిపోయింది. "ఆఖరి రోజు ఏడుసార్లు చేశాడు. ఎంత చెప్పినా వినడే. ఇది మా అమ్మ నంబరు, మా అమ్మకివ్వు అంటాడు. పిచ్చికోపం వచ్చింది. మీ అమ్మ చచ్చిపోయిందిరా, ఇంక చెయ్యమాకు అన్నాను. ఏడ్చాడమ్మా. మళ్ళీ చెయ్యలేదు."

రాజ్యం చేతిలో ఫోను వేడిగా ఉంది. ఎదురుగా వీరాయమ్మ కళ్ళు ఆర్పకుండా చూస్తోంది.

"అతను చేసిన నంబరు ఏమన్నా ఉందాండీ మీ దగ్గర?" అంది ఎలాగో.

"ఎక్కడుంటదమ్మా. ఎప్పుడో పోయింది. ఈసారి చేస్తే మాత్రం తప్పకుండా చెబుతాను. మీరేం కంగారు పడమాకండి. నేను చూసుకుంటాను కదా."

ఆ మాట అవతలి నుంచి వింటే ఎలా ఉంటుందో రాజ్యానికి ఆ రోజు తెలిసింది. మర్యాదగానే ఉంది. ఆయన మనసులో నిజంగా జాలి కూడా ఉంది. చేతికి మాత్రం ఏమీ రాలేదు. సత్యదుర్గ నంబరు చెప్పి, రాసుకోమని, రాసుకున్నది తిరిగి చదివించుకుని పెట్టేసింది.

"ఏవన్నాడండీ? మా ఓడు సేసేడా?" అంది వీరాయమ్మ.

పందిరి కింద గాలి లేదు. రాజ్యం నోట్లో పన్నెండేళ్ళ బూతు మాట, రెండేళ్ళ పాఠాల మాట సిద్ధంగా ఉంది. చేశాడమ్మా, బాగానే ఉన్నాడట, మళ్ళీ చేస్తాడట, అయిపోద్ది. అంటే చాలు, ఈ మనిషి సంతోషంగా కాఫీ పెడుతుంది, బస్సుదాకా వచ్చి సాగనంపుతుంది, కడుపు చల్లగుండాలంటుంది. ఆ తరవాత ఎన్నేళ్ళయినా ఈ పందిరి కిందే కూర్చుని ఫోను ఛార్జింగు పెట్టుకుంటుంది.

చెప్పింది. కార్తీకమాసం దాకా చేశాడని, ఆఖరి రోజు ఏడుసార్లు చేశాడని చెప్పింది. ఆ కొట్టు ఆయన విసుగులో ఏమన్నాడో అది కూడా చెప్పింది. మీ అబ్బాయి మీరు లేరనుకుంటున్నాడమ్మా అంది.

వీరాయమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "నేనున్నాను కదండీ" అంది. "నేనున్నాను కదా."

తరవాత అరిచింది. టేపులో అరిచిన అరుపు దాని ముందు ఎంత. నా కొడుక్కి నన్ను సంపేసేరు, ఆడు ఎక్కడో ఒక్కడూ కూకుని నాకు దినం ఎట్టుకుని ఉంటాడు, అంది. సంచీ సర్దుకున్నదాన్ని, బస్సెక్కేదాన్ని, నన్నెందుకు ఆపేరు, నేనడిగేనా నాకు శ్రమని, ఎండని, మీ మర్యాద ఎవరిక్కావాలి, అంది. వల తీసి నేలకేసి కొట్టింది. ఇరుగుపొరుగు వచ్చి చుట్టూ నిలబడ్డారు. సత్యదుర్గ పరుగెత్తుకొచ్చి, "అత్తా, ఊరుకో అత్తా, టీచరుగారు ఏం చేస్తారు" అంది.

"ఆపకమ్మా. చెప్పనియ్యి" అంది రాజ్యం.

రాజ్యం ఆవిణ్ణి చల్లబరచలేదు. అర్థమైందండీ అనలేదు. క్షమించండి అని కూడా అనలేదు, ఆ మాట అంటే ఎక్కడ ఆ అరుపు ఆగిపోతుందోనని భయపడింది. పీట మీద కూర్చుని మొత్తం వింది. మూడు గంటల బస్సు పోయింది. అయిదు గంటల బస్సుకి లేచింది. ఎవరూ సాగనంపలేదు.

మర్నాడు క్లాసులో టేపు పెట్టలేదు. ఎందుకని శివప్రసాద్ అడిగితే పాడైపోయిందంది. కువైట్‌లోని మన రాయబార కార్యాలయానికి పక్కింటి మాస్టారి చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించింది, రెండు నెలలకి అందినట్టు జవాబు వచ్చింది. మరుసటేడు కంపెనీ ఆ పని వేరే ఊరికి ఇచ్చేసింది. కుర్చీలు ఎత్తేశారు, మేడమీద మళ్ళీ కొబ్బరి ఆరబోశారు. చిన్నా కబురు రాలేదు.

ఆ నోటుబుక్కు ఇప్పుడు సత్యదుర్గ దగ్గర ఉంది. ఆ పిల్ల కాకినాడలో ఇంకో సెంటరులో మాట నేర్పుతోంది. అంచుల్లో ఎర్ర ఇంకు జాగ్రత్తలన్నీ చెక్కుచెదరలేదు. రెండు అంకెలు లెక్కపెట్టడం, గొంతు ఒక మెట్టు దించడం, విన్నది తిరిగి చెప్పడం, అన్నీ ఉన్నాయి. ప్రతి సంభాషణ చివరా ఆఖరి మాట మాత్రం కాయితం చిరిగేలా కొట్టేసి ఉంది. దాని కింద రాజ్యం దస్తూరీలో ఒకటే జాగ్రత్త, పేజీ పేజీకీ మళ్ళీ మళ్ళీ రాసి ఉంది: తానే బస్సెక్కి వస్తానన్న మనిషిని ఆపకూడదు. ఎన్ని గంటలకి వస్తే ఆఫీసు తెరిచి ఉంటుందో చెప్పాలి.